జీతం ఆగిన ఖాతాలో 6,200 ఎలా కరిగిపోయాయి?

"2021లో హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు కంపెనీవాళ్లే ఒక ప్రైవేటు బ్యాంకులో శాలరీ అకౌంట్ తెరిపించారు. 2022 మేలో ఉద్యోగం మానేసి, పెళ్లయ్యాక రాజమండ్రి వచ్చేశాను. జూన్‌లో ఒకసారి ఏటీఎంలో డబ్బు తీశాను. అప్పటికి ఖాతాలో 6,200 రూపాయలు మిగిలాయి. ఆ తర్వాత దాని జోలికి పోలేదు. ఇప్పుడు పీఎఫ్ తీసుకుందామంటే నా పీఎఫ్ నంబరు యూఏఎన్‌కి ఆ ఖాతాయే లింకై ఉంది. ఇక్కడి బ్రాంచికి వెళ్తే ఖాతా ఇనాపరేటివ్ అయిపోయింది, బ్యాలెన్స్ సున్నా, పాత చార్జీలు కట్టి హైదరాబాద్ బ్రాంచిలోనే తెరిపించుకోవాలి అన్నారు. ఖాతా వాడకపోతే డబ్బులు పోతాయా? నేనేం చేయాలి?" - ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

అమ్మా, బ్రాంచిలో మీకు చెప్పిన మాటలన్నీ నిజం కావు. ఖాతా ఇనాపరేటివ్ అయింది, అంతవరకు సరే. తెరిపించడానికి హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. తెరిచినందుకు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. ఇక సున్నా బ్యాలెన్స్ సంగతి. ఖాతా నిద్రపోయినందుకు పోయిన డబ్బు కాదది. నిద్రపోకముందే, మీరు చూడని నెలల్లో పోయింది. ఈ తేడా తెలిస్తే బ్యాంకులో ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ముందు ఇనాపరేటివ్ అంటే ఏమిటో చెబుతాను. సేవింగ్స్ ఖాతాలోగానీ కరెంటు ఖాతాలోగానీ ఖాతాదారు వైపు నుంచి రెండేళ్లు దాటి ఏ కదలికా లేకపోతే దాన్ని ఆ వర్గంలో వేయాలని రిజర్వు బ్యాంకు నియమం. డార్మంట్ అన్నా వాడుకలో ఇదే. కొన్ని బ్యాంకులు ఏడాదికే 'ఇనాక్టివ్' అని ఒక ముద్ర వేస్తాయి. అది వాళ్ల సొంత లెక్క. ఇప్పుడు నడుస్తున్న నియమాలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

ఇందులో 'ఖాతాదారు వైపు నుంచి' అన్న మాటే కీలకం. మూడు నెలలకోసారి బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఏడాదికోసారి కార్డు చార్జీ కోస్తుంది. పాస్‌బుక్‌లో వరసగా అచ్చు పడుతూనే ఉంటుంది కాబట్టి ఖాతా నడుస్తున్నట్టే అనిపిస్తుంది. కానీ అవి బ్యాంకు తనంతట తాను చేసుకున్న పద్దులు. ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు. అదే మీరు ఫోన్‌పేలో పది రూపాయలు పంపినా, మీకు ఎవరైనా పంపినా, గ్యాస్ సబ్సిడీ పడినా, మీరు ఎప్పుడో ఇచ్చిన ఆదేశం మీద నెలనెలా ఎల్‌ఐసీ ప్రీమియం కట్ అవుతున్నా లెక్కే. డబ్బు కదలకపోయినా పరవాలేదు. బ్యాంకు యాప్‌లో విజయవంతంగా లాగిన్ అవడం, ఏటీఎంలో బ్యాలెన్స్ చూసుకోవడం, చెక్‌బుక్ కోసం అర్జీ పెట్టడం, కేవైసీ కాగితాలివ్వడం కూడా ఖాతాదారు కదలికలే. ఏడాదికోసారి యాప్ తెరిచి చూసినా మీ ఖాతా మెలకువగానే ఉండేది. అయితే కొన్ని చోట్ల సిస్టమ్ ఈ లాగిన్‌ను సరిగా పట్టుకోదని నా అనుభవం. అందుకే నేను అందరికీ పది రూపాయల యూపీఐ పద్దే చెబుతాను. అది స్టేట్‌మెంట్‌లో కనపడుతుంది, వాదించాల్సిన పని ఉండదు.

ఒక బ్యాంకులో మీకు రెండు ఖాతాలుంటే ఒకటి వాడుతున్నంత మాత్రాన రెండోది బతకదు. దేని లెక్క దానిదే.

అసలు వాడని ఖాతాను పక్కన పెట్టడం ఎందుకు అంటే, అది ఖాతాదారుకు శిక్ష కాదు, కాపలా. నేను క్లర్కుగా చేరిన రోజుల్లో అన్నీ చేతిరాత లెడ్జర్లే. కదలని ఖాతాలన్నీ తీసి 'ఇనాపరేటివ్ లెడ్జర్' అని వేరే పుస్తకంలోకి ఎక్కించేవాళ్లం. ఆ పుస్తకం కౌంటర్ మీద ఉండేది కాదు, ఆఫీసరు బీరువాలో ఉండేది. అందులో నుంచి పది రూపాయలు బయటికి రావాలన్నా ఇంకో ఆఫీసరు సంతకం పడాలి. ఎందుకంటే యజమాని చూడని ఖాతా మీద మొదట కన్ను పడేది బయటి దొంగది కాదు, లోపలివాడిది. ఒక బ్రాంచిలో నా కళ్లెదుటే జరిగింది. చనిపోయిన ముసలాయన ఖాతాలో నుంచి విత్‌డ్రాయల్ ఫారాల మీద కొంచెం కొంచెంగా డబ్బు తీశాడొకడు. ఏళ్ల తర్వాత మనవడు పాస్‌బుక్ పట్టుకుని వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు బీరువా పోయి కంప్యూటర్‌లో తాళం వచ్చింది, అంతే. మీ ఖాతా తెరిచిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు అందులో జరిగే లావాదేవీల మీద పైఆఫీసు కన్నేసి ఉంచుతుంది. ఆ సంగతి మీకూ చెప్పరు, బ్రాంచి సిబ్బందికీ చెప్పరు.

ఇప్పుడు మీ 6,200 సంగతికి వద్దాం.

శాలరీ అకౌంట్‌కి కనీస నిల్వ అక్కర్లేదని తెరిచేటప్పుడు చెప్పే ఉంటారు. అది జీతం పడుతున్నంత కాలమే. జీతం ఆగి మూడు నెలలైతే చాలా బ్యాంకులు దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్చేస్తాయి. ఖాతా నంబరు మారదు, కార్డు మారదు, ఒక మెసేజో మెయిలో వస్తుంది. చాలామంది అది చదవరు. ఉద్యోగం మారేటప్పుడు ఫోన్ నంబరే మార్చేసినవాళ్లకి ఆ మెసేజ్ చేరనే చేరదు. మీ జీతం మేతో ఆగింది కాబట్టి 2022 సెప్టెంబరుకల్లా మీ ఖాతా నిశ్శబ్దంగా మారిపోయి ఉండాలి.

మీ బ్యాంకు చార్జీల పట్టిక మీరు రాయలేదు కాబట్టి ఒక లెక్క వేసి చూపిస్తాను. నగరాల్లోని ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో నెల సగటు నిల్వ 10,000 ఉండాలనుకుందాం. తగ్గితే, ఎంత తగ్గిందో అందులో 6 శాతం లేదా 500 రూపాయలు, రెంటిలో ఏది తక్కువైతే అది చార్జీ. దానిమీద 18 శాతం జీఎస్టీ. ఇలాంటి పట్టికలు నిజంగానే ఉన్నాయి.

మొదటి నెల మీకు తగ్గింది 3,800. ఆరు శాతమంటే 228. జీఎస్టీతో 269. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ అది కోయగానే ఖాతాలో 5,931 మిగులుతుంది, అంటే వచ్చే నెల లోటు 4,069 అవుతుంది. చార్జీ 288కి పెరుగుతుంది. చార్జీ వల్లే లోటు పెరుగుతుంది, లోటు పెరిగినందుకు మళ్లీ చార్జీ పెరుగుతుంది. ఏడాది తిరిగేసరికి ఖాతాలో సుమారు 1,365 ఉంటాయి. అక్కడి నుంచి 500 పరిమితి తగులుతుంది కాబట్టి నెలకు 590 చొప్పున పోతాయి. పద్నాలుగో నెల తర్వాత 185 మిగులుతాయి. పదిహేనో నెల, అంటే 2023 నవంబరులో, సున్నా. మధ్యలో మూడు నెలలకోసారి పడే వడ్డీ పదులలో ఉంటుంది. దానివల్ల ఈ లెక్క మహా అయితే ఒక నెల జరుగుతుంది.

ఇక రెండో తేదీ చూడండి. మీరు ఆఖరిసారి డబ్బు తీసింది 2022 జూన్‌లో. రెండేళ్లు దాటి ఖాతా ఇనాపరేటివ్ అయ్యేది 2024 జూన్ తర్వాత. ఇనాపరేటివ్ అయిన ఖాతా నుంచి కనీస నిల్వ చార్జీ కోయకూడదని నియమం గట్టిగా ఉంది. కానీ ఆ రక్షణ వచ్చేసరికి కాపాడటానికి ఖాతాలో ఏమీ మిగల్లేదు. అప్పటికి ఏడు నెలల కిందటే అయిపోయింది. నియమం తప్పు కాదు, కానీ అది మీలాంటి చిన్న నిల్వలకు ఆలస్యంగా అందే మందు. లక్ష ఉన్న ఖాతాలో ఇలా జరగదు, కనీస నిల్వ ఎటూ ఉంటుంది కాబట్టి. ఆరేడు వేలు వదిలేసి వెళ్లినవాళ్లే నష్టపోతారు. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ఇప్పుడీ బాధ తగ్గింది. స్టేట్ బ్యాంకు 2020లో, కెనరా బ్యాంకు 2025 జూన్‌లో సేవింగ్స్ ఖాతాలకు ఈ చార్జీ ఎత్తేశాయి.

అందుకని బ్యాంకులో మీరు మొదట అడగాల్సింది 2022 జూన్ నుంచి ఇప్పటిదాకా స్టేట్‌మెంట్. అది చేతికొచ్చాక పెన్నుతో ఒక గీత గీయండి, ఖాతా ఇనాపరేటివ్ అయిన తేదీ దగ్గర. ఆ తేదీ బ్యాంకునే అడిగి రాయించుకోండి. గీతకు కింద ఒక్క కనీస నిల్వ చార్జీ ఉన్నా అది తిరిగివ్వాల్సిందే. ఇందులో బతిమాలేదేమీ లేదు.

గీతకు పైన ఉన్న చార్జీల విషయం అంత తేలిక కాదు. అవి బ్యాంకు వేసుకోవచ్చు, కానీ 2015 ఏప్రిల్ నుంచి కొన్ని షరతులున్నాయి. నిల్వ తగ్గిందని ముందు మీకు మెసేజో మెయిలో ఉత్తరమో పంపాలి. సరిచేసుకోవడానికి కనీసం నెల వ్యవధి ఇవ్వాలి. లోటు ఎంతో దాన్నిబట్టే చార్జీ ఉండాలి. అన్నిటికన్నా మీకు పనికొచ్చేది ఏమిటంటే, కేవలం ఈ చార్జీల వల్ల ఖాతా సున్నా కంటే కిందికి, అంటే మైనస్‌లోకి పోకూడదు. కాబట్టి "కనీస నిల్వ బకాయి ఇంతుంది, కడితేనే తెరుస్తాం" అని ఎవరైనా అంటే ఆ బకాయి ఏ నియమం కింద పుట్టిందో కాగితం మీద రాసిమ్మనండి. చాలాసార్లు ఆ అంకె అక్కడే తగ్గిపోతుంది.

పాత 6,200 మొత్తం తిరిగొస్తుందని మాత్రం నేను ఆశ పెట్టను. నోటీసు మీ పాత నంబరుకు పంపామని బ్యాంకు చూపిస్తే, నంబరు మార్చుకోకపోవడం మీ వైపు లోపమవుతుంది. మర్యాదగా రాసి అడిగితే కొన్ని నెలల చార్జీ వెనక్కి వేసిన బ్రాంచి మేనేజర్లు ఉన్నారు. ఆ అధికారం వాళ్లకు కొంతవరకు ఉంటుంది. అడగడంలో తప్పులేదు.

డెబిట్ కార్డు ఏడాది రుసుము, ఎస్‌ఎంఎస్ రుసుము వేరే సంగతి. ఇనాపరేటివ్ ఖాతాలో ఉచితమని నియమం చెప్పింది రెండే: కనీస నిల్వ చార్జీ వేయకూడదు, తెరవడానికి రుసుము తీసుకోకూడదు. కార్డు రుసుము గురించి అలా చెప్పలేదు. అందుకే వాళ్లు చెప్పే 'పాత చార్జీలు' మొత్తంగా ఒక అంకెలా ఒప్పుకోవద్దు. విడదీసి రాయమనండి. అందులో కార్డు రుసుము ఎంత, కనీస నిల్వది ఎంత, 'రీయాక్టివేషన్' పేరుతో ఎంత? మూడోది ఉంటే కొట్టేయించండి. కార్డు గడువే తీరిపోయి ఉంటే, ఆ తర్వాత దానిమీద రుసుము ఎందుకు పడిందో కూడా అడగండి.

ఇనాపరేటివ్ అయినా ఖాతాలో డబ్బున్నంతకాలం సేవింగ్స్ వడ్డీ వేస్తూనే ఉండాలి. మీకిది పనికిరాదు గానీ, ఇది చదివే వేరేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. నిద్రపోయిందని వడ్డీ ఆపడం కుదరదు.

ఇక తెరిపించడం. కేవైసీ కాగితాలు తీసుకుని ఖాతా తెరిచే సదుపాయం అన్ని బ్రాంచిల్లోనూ ఇవ్వాలి, ఖాతా ఉన్న బ్రాంచిలోనే అనడానికి వీల్లేదు. కౌంటర్‌లో అమ్మాయి హైదరాబాద్ వెళ్లమందంటే కావాలని అబద్ధమాడిందని నేననుకోను. పాత పద్ధతి అదే, చాలామందికి అదే అలవాటు. మీరు మేనేజర్ దగ్గరికి వెళ్లి "హోం బ్రాంచి కాకపోయినా తీసుకోవాలని ఆర్‌బీఐ ఆదేశం కదండీ" అనండి. ఆ ఒక్క మాట చాలు. మీ బ్యాంకులో వీడియో కేవైసీ ఉంటే ఇంట్లో కూర్చునే చేయించుకోవచ్చు. పల్లెల్లో ఉన్నవాళ్ల కోసం 2025 జూన్ నుంచి బ్యాంకు మిత్రల ద్వారా కూడా ఈ కాగితాలివ్వడానికి దారి తెరిచారు.

వెళ్లేటప్పుడు ఆధార్, పాన్, ఒక ఫొటో, ఆ ఖాతాకు సంబంధించిన పాత చెక్కుగానీ కార్డుగానీ ఏది మిగిలితే అది పట్టుకెళ్లండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నారా? మార్చుకుని ఉంటే అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఖాతాలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటే అర్జీ వెనక్కొస్తుంది. అప్పుడు పెళ్లి సర్టిఫికెట్ జతచేసి పేరు మార్పు కూడా అదే రోజు రాసివ్వండి. పాన్‌లో ఏ పేరుందో ముందే చూసుకోండి, పీఎఫ్‌కీ అదే అడ్డమొస్తుంది.

అన్నిటికంటే ముందు మొబైల్ నంబరు. హైదరాబాద్ నంబరు ఇంకా మీ దగ్గరే ఉంటే సరే. వదిలేసి ఉంటే ఆ నంబరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలియదు. వాడకం ఆగిన నంబర్లను టెలికాం కంపెనీలు కొంతకాలం ఆగి వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. అంటే మీ ఖాతా తెరుచుకున్న క్షణం నుంచి ఓటీపీలు ముక్కూ మొహం తెలియని మనిషి ఫోనుకు వెళ్తాయి. మొదట నంబరు మార్పు ఫారం, తర్వాతే ఖాతా తెరిచే ఫారం. వరస తప్పించవద్దు.

ఫారంతో పాటు తెల్లకాగితం మీద ఇలా రాసి, రెండో ప్రతి మీద తేదీతో స్టాంపు వేయించుకోండి: "నా ఫలానా నంబరు సేవింగ్స్ ఖాతా ఇనాపరేటివ్‌గా ఉన్నది. కేవైసీ పత్రాలు జతచేశాను. ఖాతాను తిరిగి ప్రారంభించగలరు. ఖాతా ఇనాపరేటివ్ అయిన తేదీ, అప్పటినుంచి వేసిన చార్జీల వివరం తెలియజేయగలరు. ఈ ఖాతాను కనీస నిల్వ అవసరంలేని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చగలరు." కాగితాలన్నీ సరిగా ఉన్న అర్జీ మీద మూడు పనిదినాల్లో ఖాతా తెరవాలి. స్టాంపు తేదీ మీ దగ్గర లేకపోతే ఆ మూడు రోజులు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరూ ఒప్పుకోరు.

ఆఖరి వాక్యం ఎందుకు రాయమన్నానో చెప్పాలి. ఖాతా తెరుచుకోగానే ఇనాపరేటివ్ రక్షణ పోతుంది, కనీస నిల్వ గడియారం మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది. పీఎఫ్ డబ్బు పడుతుంది, మీరు మొత్తం తీసేసుకుంటారు, వచ్చే నెల నుంచి మళ్లీ కోతలు. ఈ గుంటలో పడినవాళ్లను చాలామందిని చూశాను. బేసిక్ ఖాతాకు కనీస నిల్వ ఉండదు. ఆ బ్యాంకులో మీకు ఇంకో సేవింగ్స్ ఖాతా మాత్రం ఉండకూడదు.

"కేవైసీ పెండింగ్" అని, "ఇనాపరేటివ్" అని రెండు మాటలూ వినపడొచ్చు. రెండూ ఒకటి కాదు. రోజూ వాడే ఖాతా కూడా కేవైసీ పాతబడితే ఆగిపోవచ్చు. మీ ఖాతా 2021లో తెరిచింది, కేవైసీ మరీ పాతదేమీ కాదు. మీకున్నది రెండేళ్ల నిద్ర సమస్యే. తెరవాలంటే ఎలాగూ కొత్తగా కేవైసీ ఇవ్వాలి కాబట్టి రెండూ ఒక్క అర్జీతో తీరిపోతాయి.

తెరిచినట్టు మెసేజ్ వచ్చాక అదే రోజు వంద రూపాయలు వేసి, యాభై తీసి చూడండి. డబ్బు లోపలికి పోయి బయటికి రాకపోతే ఖాతా సగమే తెరుచుకున్నట్టు. కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ తమంతట తాము లేవవు, వేర్వేరుగా మొదలుపెట్టుకోవాలి.

వారం దాటినా తెరవకపోయినా, రుసుము అడిగినా ముందు బ్యాంకులోనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. నెలరోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వేయొచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. స్టాంపు వేసిన ప్రతీ, గీత గీసిన స్టేట్‌మెంటూ చాలు.

ఇంతకీ మీకు కావలసింది పీఎఫ్. దానికోసం ఈ ఖాతా తెరుచుకునేదాకా ఆగాల్సిన పనిలేదు. ఈపీఎఫ్‌ఓ మెంబర్ పోర్టల్‌లో `Manage` కింద `KYC` లో మీరు ఇప్పుడు వాడుతున్న ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ ఇచ్చి మార్చుకోండి. 2025 ఏప్రిల్ నుంచి దీనికి పాత యజమాని ఆమోదం అక్కర్లేదు. బ్యాంకు సరిచూసి, ఆధార్ ఓటీపీతో మీరు ఖాయం చేస్తే సరిపోతుంది. ఆ ఓటీపీ ఆధార్‌కు లింకైన ఫోనుకు వస్తుంది, అదీ పాత నంబరేనేమో చూసుకోండి. నేనైతే ముందు ఈ పని ముగిస్తాను. ఇనాపరేటివ్ ఖాతాలోకి క్లెయిమ్ పెట్టి అది తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టడం కంటే ఇది సులువు.

అయితే పాత ఖాతాను అలాగే వదిలేయమని నా ఉద్దేశం కాదు. దాన్ని తెరిపించండి, తెరిపించి మూయించండి. మీ పాన్, ఆధార్, ఎవరి చేతికో వెళ్లిన ఫోన్ నంబరు అన్నీ ఒకచోట పడి ఉన్న ఖాతా అది. మూసే ముందు మైఆధార్ సైట్‌లో `Bank Seeding Status` చూడండి. గ్యాస్ సబ్సిడీ, ప్రభుత్వ పథకాల డబ్బు ఆధార్‌తో ఆఖరున ముడిపడిన ఖాతాకే వెళ్తుంది. అక్కడ ఈ బ్యాంకు పేరు కనపడితే, ముందు ఇప్పుడు వాడుతున్న బ్యాంకులో ఆధార్ సీడింగ్‌కు రాసివ్వండి, మారిందని చూసుకున్నాకే దీన్ని మూయండి. తెరిచి ఏడాది దాటిన ఖాతాను మూసినందుకు చాలా బ్యాంకులు ఏమీ తీసుకోవు. కార్డును కత్తిరించి, మిగిలిన చెక్కులు అప్పగించి, 'ఖాతా మూసివేయబడినది' అన్న కాగితం తీసుకోండి. ఆ బేసిక్ ఖాతా మార్పు ఇక అక్కర్లేదుగా అనొచ్చు మీరు. తెరిచిన రోజుకీ మూసిన రోజుకీ మధ్య నెల గడిచిందంటే అప్పుడు తెలుస్తుంది దాని విలువ.

మీ ఇంట్లో పెద్దవాళ్ల ఖాతాలు ఇంకా పాతవి ఉండొచ్చు. పదేళ్లు కదలిక లేని ఖాతాలోని డబ్బును బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న ఒక నిధికి పంపేస్తాయి. అలా పంపినా అది ఖాతాదారుదే, వారసులదే. అడగడానికి గడువు లేదు, బ్యాంకు దగ్గరే అడగాలి. సేవింగ్స్ ఖాతాలాంటి వడ్డీ వచ్చే డిపాజిట్ల మీద ఆ నిధిలో ఉన్న కాలానికి వడ్డీ కూడా వస్తుంది, 2021 మే నుంచి ఏడాదికి 3 శాతం బారువడ్డీ. పేరుమీద వెతకడానికి 2023లో వచ్చిన ఉద్గమ్ సైట్ ఉంది, udgam.rbi.org.in. తాతగారి పేరు ఆంగ్లంలో నాలుగు రకాలుగా రాసి వెతకండి. సత్యనారాయణ అన్న పేరును మా బ్రాంచిలోనే ఏడు రకాలుగా రాసేవాళ్లం.